రాళ్ళిచ్చారు, రసీదివ్వలేదు

మా ఆవిడ పిత్తాశయంలో నుంచి పదకొండు రాళ్ళు తీశారు. ఇమ్మని నేనడగలేదు, ఆమె అడగలేదు. అయినా ఆపరేషన్ థియేటర్ తలుపు సందులోంచి ఒక నర్సమ్మ బయటికొచ్చి, ఆ రాళ్ళను చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, "ఇదో సార్, మీ రాళ్ళు" అని నా చేతిలో పెట్టి పోయింది. సంతకం అడగలేదు, ఆధార్ అడగలేదు, రెండు ఫోటోలు అడగలేదు. కందిబేడలంత రాళ్ళు అంత సులువుగా ఇచ్చిన ఆ భవనంలోనే, నేను కట్టిన డబ్బుకు రసీదు, ఆ రసీదుకు సీలు, ఆ సీలు పక్కన ఒక సంతకం తెచ్చుకొనేదానికి నాకు మూడు వారాలు పట్టింది.

అందుకే ఈ ఫిర్యాదు. ఎవరి మీద అని అడక్కండి. ఆసుపత్రి పేరు చెప్పను, బీమా కంపెనీ పేరు అసలే చెప్పను. ఈ వయసులో ఇద్దరితోనూ మళ్ళీ పనిపడుతుంది. ప్రతివాది ఒక్కటే, కాగితం. వాది తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి పెట్టుకొని ముప్పై ఏళ్ళుగా బిల్లులు రాసిన నేను. ఎంతమందికి తెల్లకాగితం ముక్క మీద లెక్క గీకిచ్చి "దీనికి బిల్లెందుకులే అన్నా" అన్నానో ఆ ఏడుకొండలవాడికి తెలుసు. ఆ పాపం ఇట్ల తిరిగి వస్తుందని నాకు తెలీదు.

సంగతి మొదటి నుంచీ చెప్పుకోవాలి. మా ఇద్దరికీ కలిపి తీసుకొన్న మూడు లక్షల పాలసీకి నాలుగేళ్ళు నిండాయి. ఆమెకు కుడి డొక్కలో నొప్పి మొదలైతే ఒక సర్జన్‌కు చూపించాం. ఆయన స్కానింగ్, రక్తపరీక్షలు రాసి, రాళ్ళున్నాయి, తీసేద్దాం, తొందరేమీ లేదన్నాడు. గంగజాతర అయ్యాక చూద్దామని ఆమె అంది. జాతరకు ఆమె ఆగింది గాని రాళ్ళు ఆగలేదు. మూడు వారాలకు, తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర డప్పులు మోగుతుండగా, అర్ధరాత్రి మెలికలు తిరిగి ఆసుపత్రిలో చేరింది.

కౌంటర్లో అమ్మాయి పాలసీ కార్డు చూసి, "మీ కంపెనీతో మాకు ఒప్పందం గడువు తీరిపోయింది సార్, కొత్తది ఇంకా రాలేదు. డబ్బులు కట్టేసి తర్వాత తెచ్చుకోండి" అంది. 'తెచ్చుకోండి' అన్న మాట ఎంత తేలిగ్గా ఉందో చూడండి! పక్కింట్లో గిన్నె మరిచిపోయి వచ్చినట్టు. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ కోరినవాళ్ళకు కంపెనీ గంటలో జవాబు చెప్పాలి. ఇంటికి పోయేరోజు మూడు గంటల్లో తుది అనుమతి పంపాలి. ఆ గంటలన్నీ క్యాష్‌లెస్ వాళ్ళవి. చేతినుంచి కట్టుకొన్న మాలాంటివాళ్ళ లెక్క రోజుల్లో ఉంటుంది, అదీ ఫైలు నిండుగా ఉంటే.

తెల్లవారేసరికి చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి మా బామ్మర్ది దిగాడు, చంకలో పసుపురంగు గుడ్డసంచితో. అందులో ఇడ్లీ ఉందనుకొన్నా. ఖాళీ సంచి. వాళ్ళత్తగారి మోకాలి ఆపరేషన్ క్లెయిము కోసం ఆర్నెల్లు తిరిగి ఆరితేరినవాడు. అక్క ఎట్లుండాదని అడగకముందే అడిగిన మాట ఇది:

"కంపెనీకి ఫోన్ చేసినావా బావా?"

"మీ అక్కకు సూది వేయించేదానికే తెల్లారిపోయింది. ఫోనెక్కడ?"

"ముందు అది చెయ్యి. వాళ్ళిచ్చే నంబరు రాసుకో. ఆ నంబరు లేకపోతే అక్క ఆసుపత్రిలో చేరనట్టే లెక్క."

పాలసీ తీసి చూస్తే నిజమే. ముందే అనుకొన్న ఆపరేషన్‌కైతే చేరడానికి 48 గంటల ముందు, ఉన్నట్టుండి చేరితే 24 గంటల లోపల తెలియజేయాలట. నాలుగేళ్ళుగా ప్రీమియం కట్టాను గాని ఆ పుస్తకంలో అచ్చు ఇంత చిన్నగా ఉంటుందని అప్పుడే చూశా. ఫోన్ చేస్తే ఒక నంబరిచ్చారు. బామ్మర్ది దాన్ని సంచిమీదే పెన్నుతో రాశాడు.

మూడోరోజు ఇంటికి పొమ్మన్నారు. డబ్బు కట్టేశాం, ఆటో వచ్చింది, ఆమె కూర్చుంది. నేనూ ఎక్కబోతుంటే బామ్మర్ది నా చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు. "ఇంటికి పోయినాక ఈ గడప తొక్కాలంటే నీకు బేజారైతాది బావా. చిత్తూరోళ్ళు వేలూరు పోయి వైద్యం చేయించుకొని, ఇంటికొచ్చి చూసుకొంటే ఒక సంతకం తక్కువుండి, మళ్ళా బస్సెక్కింది నేను చూసినా. అక్కను ఇంటికి పంపించు. మనం ఈడే ఉండి కాగితాలు చూసుకొందాం" అన్నాడు. ఆమె కూతురి భుజం మీద ఆనుకొని ఇంటికి పోయింది. నేను ఆమె పేరు వెతుక్కొంటూ లోపలికి పోయాను.

పేరు వెతుక్కోవడమంటే మాటవరసకు కాదు. ఆధార్‌లో ఆమె లక్ష్మీదేవి. పాలసీలో ముందర ఒక ఇంగ్లీషు అక్షరం తగిలించుకొని లక్ష్మి, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత దేవి. అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చిన కుర్రాడి చేతిలో లక్ష్మీదేవమ్మ అయింది. ముగ్గురూ నా భార్యలే! కాని బీమా కంపెనీ ఏకపత్నీవ్రతం పాటిస్తుంది. డిశ్చార్జి సమ్మరీలో, బిల్లులో, రసీదులో, మందుల బిల్లులో పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి, వయసూ అంతే. అప్పటికప్పుడైతే కంప్యూటర్లో మార్చి మళ్ళీ అచ్చు తీసిస్తారు. వారం పోతే అదే మార్పుకు అర్జీ రాయాలి. పెన్నుతో దిద్దించుకొంటే పక్కన డాక్టరు సంతకం, సీలు పడాలి. వైట్నర్ పూస్తే ఆ కాగితం పోయినట్టే.

ఊరు కూడా నన్ను ఆడించింది. మా తిరుపతి 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. ఊరంతా సంబరపడ్డాం. నా ఆధార్‌కు ఆ సమాచారం అందలేదు. అందులో నేను ఇంకా చిత్తూరు జిల్లావాణ్ణే. పాలసీ కొత్తది కాబట్టి తిరుపతి జిల్లా. ఒకే ఇల్లు, ఒకే వీధి, ఒకే పిన్‌కోడు, రెండు జిల్లాలు. దీనికి కంపెనీవాళ్ళు ఏమంటారోనని భయపడ్డా గాని, పిన్‌కోడు కలిసింది కదా అని వదిలేశారు. జిల్లా విషయంలో వాళ్ళు చూపిన ఉదారత మిగతా చోట్ల చూపివుంటే ఈ వ్యాసమే లేదు.

ఇక బిల్లు. నాకిచ్చింది ఒకే ఒక్క పేజీ. 'ఆపరేషన్ ప్యాకేజీ' అని ఒక వరస, దాని ఎదురుగా 78,400 రూపాయలు. అంగడివాణ్ణి కదా, లెక్క పొట్టిగా ఉంటే నాకు ముచ్చట. బామ్మర్ది మొహం చిట్లించాడు. "ఇది చెల్లదు బావా. గదికెంత, సర్జన్‌కెంత, మత్తు డాక్టరుకెంత, థియేటర్‌కెంత, పరీక్షలకెంత, అన్నీ విడివిడిగా ఉండల్ల."

ఎందుకంటే గది అద్దెకు పాలసీలో ఒక హద్దుంటుంది. మాది రోజుకు 3,000. అంతకు మించిన గదిలో పడుకొంటే, పైన పడిన అద్దె ఒక్కటే కోస్తారని మీరనుకొంటారు, నేనూ అనుకొన్నా. కాదట. 4,000 గదిలో పడుకొంటే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఖర్చు కూడా అదే లెక్కన నాలుగింట మూడొంతులే ఇస్తారు. గది పెరిగేకొద్దీ రేట్లన్నీ పెరిగే ఆసుపత్రుల్లో ఇదీ పద్ధతి. మందులు, పరీక్షలు, లోపల అమర్చే పరికరాలు మాత్రం ఈ కోత కిందికి రావు. ఏది ఏ గంపలోదో తేల్చాలంటే వాళ్ళకు విడివిడి లెక్క కావాలి. అది లేకపోతే ఫైలు పక్కన పెట్టి మనకు ఉత్తరం రాస్తారు. మేమున్న గది 2,800. ఇది నా ముందుచూపు అని ఇంట్లో చెప్పుకొన్నాను గాని, నిజానికి ఆ రాత్రి అదొక్కటే ఖాళీగా ఉంది.

విడివిడి లెక్క కోసం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆ మధ్యాహ్నం నాకు గంగజాతర గుర్తొచ్చింది. బయట పిల్లలు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటి కడుతున్నారు. నేను ఒక్క పూటలో అన్నీ కట్టాను. మొదట అన్నీ వదులుకొన్న బైరాగిలా నిలబడ్డా. పలకలేదు. బండ వేషం కట్టి రెండు మాటలన్నా. జాతరలో తిట్టు పుణ్యం గాని, కౌంటర్లో కాదు. తోటిలా చేతులు కట్టుకొన్నా. ఆఖరికి బామ్మర్ది దొర వేషంలో ముందుకొచ్చి, "మేనేజర్ గారి పేరేందమ్మా?" అని ఒక్క మాట అడిగితే నాలుగు పేజీల లెక్క బరబర అచ్చయి వచ్చింది.

రసీదు సంగతి దానికంటే పొడుగు. చేరిన రాత్రి 20,000 నగదు కట్టా. మర్నాడు ఫోన్లో 30,000 పంపా. మిగతాది ఇంటికి పోయేరోజు కార్డు గీకా. బిల్లు అంటే మనం ఎంత ఇవ్వాలో చెప్పే కాగితం. ఇచ్చామని చెప్పేది రసీదు. ఈ రెండూ ఒకటేనని లోకంలో సగం మంది అనుకొంటారు, ముప్పై ఏళ్ళ అంగడి తర్వాత నేనూ అనుకొన్నా. ఫోన్లో పచ్చ టిక్కు పడిన బొమ్మ చూపిస్తే కౌంటరమ్మాయి తల ఊపింది గాని, బీమా కంపెనీ ఊపదు. మూడు దఫాలకూ ఆసుపత్రి నంబరు వేసిన మూడు రసీదులు కావాలి, మూడూ కలిపితే బిల్లు మొత్తానికి సరిపోవాలి. అర్ధరాత్రి కట్టిన 20,000కు ఎవరూ రసీదు రాయలేదు. అది లెక్కల్లో జమ అయింది, నా చేతికి మాత్రం రాలేదు. ఆ ఒక్క కాగితానికే మూడు వారాలు. రాయాల్సినాయన సెలవులో ఉన్నాడు, వచ్చాక నైట్ డ్యూటీలో ఉన్నాడు, నైట్ డ్యూటీ అయ్యాక పుస్తకం అయిపోయింది.

మందుల బిల్లులు ఇరవై మూడు. కింద మందుల అంగడి నుంచి పైకి, పై నుంచి కిందికి నేనే మోశాను కాబట్టి అన్నీ నా జేబులోనే ఉన్నాయి. వాటి మొత్తం 14,260. ఇంటికి వచ్చేటప్పుడు వాడని సూదులు, సెలైన్ సీసాలు వెనక్కిచ్చి 1,860 తిరిగి తీసుకొన్నాం. ఆ వెనక్కిచ్చిన చీటీని నేను పారేయబోయా. డబ్బు చేతికొచ్చింది కదా, దానితో పనేముంది? బామ్మర్ది నా చేతిలోంచి లాక్కొన్నాడు. క్లెయిములో రాయాల్సింది 12,400. ఆ చీటీ లేకుండా 14,260 రాస్తే, వెనక్కిచ్చిన మందులకు కూడా డబ్బడిగిన దొంగనవుతాను. ఆసుపత్రి లెక్కలో ఆ వాపసు ఉంటుంది, వాళ్ళు తిప్పి చూస్తే దొరుకుతుంది.

ఈ మందుల బిల్లుల్లో కొన్ని నున్నటి కాగితం మీద, ఏటీఎం చీటీ మాదిరి వస్తాయి. వేడికి అక్షరం తేలే రకం కాగితం అది. తిరుపతి ఎండకు, చొక్కా జేబు చెమటకు వారంలో పాలిపోతుంది. ఈ జ్ఞానం నాకు సగమే ఉంది. పాలిపోకుండా ఉండాలని, అందరికంటే తెలివిగా, అన్నిటికంటే పెద్ద బిల్లును తీసుకుపోయి లామినేషన్ చేయించా. వేడికి అక్షరం తేలే కాగితం వేడి మిషన్లోకి పోతే ఏమవుతుంది? నిండా నల్లగా తేలింది. తోటి వేషంలా బొగ్గు పూసుకొని బయటికొచ్చింది. అంగడివాడు ముప్పై రూపాయలు తీసుకొని, "బాగా గట్టిగా వచ్చిందన్నా" అన్నాడు. మందుల అంగడికి పోయి, తేదీ చెప్పి, డూప్లికేట్ అని రాయించి, సీలు వేయించుకొన్నా. ఆ రకం చీటీకి అదేరోజు జెరాక్స్ తీసి, అసలుతో కలిపి పిన్ను కొట్టడం తప్ప వేరే మందు లేదు.

మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు నా గోడు విని నవ్వారు. ఆయన ప్రభుత్వ పింఛనుదారు. ఆయన ఖర్చు ఆంధ్రప్రదేశ్ సమగ్ర వైద్య సహాయ నిబంధనలు, 1972 కింద తిరిగి వస్తుంది. "నీదేముందయ్యా, నాది చూడు" అని గర్వంగా ఫైలు విప్పారు. అందులో ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ అని ఒకటుంది, ఆ మందులు నిజంగా అవసరమేనని డాక్టరు ఇచ్చే పత్రం. (సరదాకు సెలైన్ ఎక్కించుకొనేవాళ్ళు కూడా ఉంటారని 1972లోనే ఎవరో అనుమానించారు.) ఉన్నట్టుండి చేరినందుకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఇదివరకు ఈ డబ్బు తీసుకోలేదని నాన్ డ్రాయల్ సర్టిఫికెట్. భార్యకైతే ఆమె తన మీదే ఆధారపడిందని ఇంకొకటి. ఆ చివరి పత్రం మీద సంతకం చేసేటప్పుడు ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో రాసే గడి లేదబ్బా" అన్నారు. వాళ్ళకు గడువు మాత్రం ఇంటికొచ్చిన రోజు నుంచి ఆరు నెలలు. మాకు ముప్పై రోజులు. అసూయపడ్డాను.

క్లెయిము ఫారం రెండు భాగాలు. ఒకటి మనం నింపాలి. రెండోది ఆసుపత్రి నింపాలి, వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని మంచాలున్నాయి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, కింద సీలు. ఆ రెండో భాగాన్ని ఖాళీగా చూసి, నాకు తెలిసినంత నేనే నింపేశా. మంచాలు కూడా వార్డులు తిరిగి లెక్కపెట్టా. తర్వాత తెలిసింది, అది వాళ్ళ దస్తూరీలోనే ఉండాలని. డబ్బు ఎవరి ఖాతాలో పడాలో చెప్పేదానికి కొట్టేసిన చెక్కు ఒకటి పెట్టాలి. మా ఆవిడ తన ఖాతా చెక్కిచ్చింది. కోత ఆమె కడుపు మీద పడింది కాబట్టి డబ్బు ఆమెదేనని ఆమె వాదం. న్యాయమే. కాని పాలసీ నా పేరున ఉంది, డబ్బు పాలసీదారుడికే వస్తుంది. పేరు అచ్చయి ఉన్న నా చెక్కే పెట్టాల్సి వచ్చింది. ఆ విషయంలో ఇంట్లో నా మీద ఇంకో క్లెయిము నడుస్తోంది.

తీసేసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు వచ్చేదానికి వారం పదిరోజులు పడుతుంది, అప్పటికి మనం ఇంట్లో రసం అన్నం తింటుంటాం. చాలామంది దాని ఊసే మరిచిపోతారు. కంపెనీ మరిచిపోదు. నేను రసీదు కోసం ఎట్లాగూ రోజూ పోతుండేవాణ్ణి కాబట్టి అది దానంతట అదే దొరికింది. మాకు లోపల ఏమీ అమర్చలేదు. గుండెకు స్టెంటో, కంటికి లెన్సో వేసివుంటే దాని పెట్టె మీది నంబరు స్టిక్కరు కూడా కేసు షీటు నుంచి తీయించుకోవాల్సి వచ్చేదట. బండి ప్రమాదమైతే పోలీసు కాగితం.

ఇరవై ఏడో రోజున ఫైలు కదిలింది. అన్నిటికీ జెరాక్స్ తీసి, అసళ్ళు కొరియర్లో పంపి, పంపిన చీటీని దేవుడి పటం వెనక పెట్టా. ఆసుపత్రి 78,400, మందులు 12,400, చేరకముందు డాక్టరుకు 500, స్కానింగ్‌కు 1,200, రక్తపరీక్షలకు 2,150. అన్నీ కలిపి 94,650. చేరడానికి ముందు ముప్పై రోజుల ఖర్చు కూడా ఇస్తారని మా పాలసీలో ఉంది, అందుకని అవి.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది. రసీదుల గురించి కాదు, పేరు గురించి కాదు. మేమంతా కళ్ళల్లో వత్తులేసుకొని చూసిన డిశ్చార్జి సమ్మరీలో, ఎవరం చదవని ఒక వరస గురించి. 'కడుపునొప్పి ఐదేళ్ళ నుంచి' అని అందులో ఉంది. పాలసీ వయసు నాలుగేళ్ళు. అంటే పాలసీ తీసుకొనే ముందే జబ్బుంది, మీరు దాచారు, ఏమంటారు?

ఏమంటాను! ఆమెను అడిగా. చేరిన అర్ధరాత్రి ఒక చిన్న డాక్టరు వచ్చి, నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడట. ఆ నొప్పిలో ఆమె, "పెద్దపాప పెళ్ళప్పటి నుంచీ ఉండాది నాయనా" అందట. పెళ్ళెప్పుడైందమ్మా అంటే, ఐదేళ్ళంది. అది కేసు షీటులోకి, కేసు షీటు నుంచి సమ్మరీలోకి పోయింది. పాప పెళ్ళిలో ఆమెకు వచ్చింది నొప్పే, కాదనను. రెండు రోజులు నిద్ర లేక, మూడు పూటలా బూందీ తిని వచ్చిన గ్యాసు నొప్పి. అది సోడాతో పోయింది. దానికీ ఈ రాళ్ళకూ సంబంధముందో లేదో చెప్పాల్సింది డాక్టరు, మా ఆవిడ కాదు.

నాకు చెమటలు పట్టాయి. పిత్తాశయం రాళ్ళకు మా పాలసీలో మొదటి 24 నెలలు డబ్బివ్వరు, అది ఎప్పుడో దాటాం. పాలసీ తెగకుండా 60 నెలలు నడిచాక, మోసమని రుజువైతే తప్ప, దాచారన్న మాట ఎత్తకూడదని నిబంధన ఉంది. దానికి మేమింకా ఏడాది ఇవతల ఉన్నాం. మొత్తం సొమ్ము ఆ ఒక్క వరసకు వేలాడుతోంది. బామ్మర్ది ఫోన్లో, "భయపడొద్దు బావా. కాదంటే ఏ షరతు కింద కాదన్నారో రాసియ్యల్ల. అప్పుడు హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. ముందు సర్జన్ దగ్గరికి పో" అన్నాడు.

పోయాను. మొదటిసారి చూపించినప్పటి చీటీ, స్కానింగ్ రిపోర్టు చేతబట్టుకొని పోయాను. చేరడానికి మూడు వారాల ముందే మొదలైందని రాసియ్యండి సార్ అన్నా. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "మీరు చెప్పింది రాయను, నాకు తెలిసింది రాస్తా" అన్నాడు. తన లెటర్‌హెడ్ మీద రాశాడు: ఈమెకు రాళ్ళున్నట్టు మొదట తెలిసింది ఫలానా తేదీ స్కానింగ్‌లో, అంతకుముందు దీనికి వైద్యం చేసిన ఆధారం నా దగ్గర లేదు, మొదటి చూపులో రోగి చెప్పిన నొప్పి వారం రోజులది. సంతకం, సీలు, రిజిస్ట్రేషన్ నంబరు. నేనడిగిన దానికంటే అదే బాగా పనిచేసింది. మొదటి చీటీలో తేదీతో సహా ఆ మాటే ఉంది కదా. ఆ చీటీ నేను పారేసివుంటే ఆయన గుర్తుపెట్టుకొని రాసేవాడా? దాంతోపాటు నాలుగేళ్ళ పాలసీ కాగితాలన్నీ జెరాక్స్ పంపాను, మధ్యలో తెగలేదని.

ఆ తర్వాత మూడు వారాలకు 87,770 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఒక కోత పట్టిక కూడా వచ్చింది. చదవదగ్గ సాహిత్యం. తొడుగులు, మాస్కు, ఈసీజీ బిళ్ళలు, రిజిస్ట్రేషన్, 'కిట్' అని మాత్రమే రాసి లోపల ఏముందో రాయని ఒక కిట్, ఇవన్నీ కలిపి 4,730. ఇవ్వనక్కర్లేని వస్తువులని పరిశ్రమ మొత్తానికీ ఒక జాబితా ఉంది, 68 పద్దులు. అందులో సర్టిఫికెట్ల ఖర్చు, జెరాక్స్ ఖర్చు, కొరియర్ ఖర్చు కూడా ఉన్నాయి! కాగితాలు అడిగేదీ వాళ్ళే, కాగితం ఖర్చు వైద్యం కాదనేదీ వాళ్ళే. నా జెరాక్స్, కొరియర్ లెక్క 312 రూపాయలు. బొగ్గయిన లామినేషన్ అందులో కలపలేదు.

ఇంకో కోత 2,150, రక్తపరీక్షలు. బిల్లుంది, రిపోర్టుంది, చేయించుకోమని డాక్టరు రాసిన చీటీ లేదు. మనంతట మనం సరదాగా రక్తం ఇచ్చి వచ్చామా అని వాళ్ళ సందేహం. ఆ చీటీ ఇచ్చిన గుర్తుంది. ల్యాబ్‌లో అడిగితే తిరిగిచ్చేశామన్నారు. బీరువా, పరుపు, బియ్యండబ్బా, అంగట్లో గల్లాపెట్టె అన్నీ వెతికాం. ఆఖరికి మా ఆవిడే దీపం పెట్టబోతూ కేక వేసింది. జాతరకు ముందు తిరుచానూరు అమ్మవారి కుంకుమ తెచ్చి, చేతికందిన కాగితంలో పొట్లం కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఆ కాగితం మీద డాక్టరు రాత, సంతకం, తేదీ, మధ్యలో అరచేతంత ఎర్రటి మరక.

కుంకుమ దులిపి, అట్లనే పంపా. ఇంటికొచ్చాక అరవై రోజుల వరకు అయ్యే ఖర్చు కూడా ఇస్తారు, ఆ అరవై రోజులూ అయ్యాక పదిహేను రోజుల్లో అడగాలి. మళ్ళీ చూపించుకొన్న 500, బిళ్ళలకు 1,340, దాంతోపాటే ఈ 2,150 అడిగా. ఈసారి ప్రశ్న రాలేదు. 96,490 ఖర్చుకు మొత్తం 91,760 వచ్చింది. ఒకవేళ మీకు తేదీ దాటిపోతే ఆశ వదులుకోకండి. సరైన కారణముంటే, ఆలస్యమైందన్న ఒక్క సాకుతో న్యాయమైన క్లెయిము తిప్పికొట్టొద్దని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ఆ కారణం కూడా కాగితం మీదే రాసివ్వాలి.

పసుపు సంచి ఇప్పుడు మా బీరువాలో ఉంది, బామ్మర్ది వెనక్కడగలేదు. పాలసీ కాగితాలు, మొదటి చీటీ, జెరాక్సులు, కోత పట్టిక అన్నీ దాంట్లోనే. రాళ్ళ సీసా కూడా పక్కనే పెట్టాను, ఎందుకైనా మంచిదని. రెండున్నర నెలల్లో దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.